సర్టిఫికెట్ మీద గడువు తేదీ, పరీక్ష వెర్షన్: రెజ్యూమె చూసేవాళ్లు వీటిని ఎలా లెక్కేస్తారు

(శుక్రవారం మీటింగులో మాట్లాడిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రాసి పంపుతున్నాం.)



నేను ఒక మ్యాన్‌పవర్ కంపెనీలో రెజ్యూమెలు వడగట్టే పనిలో ఉన్నాను. సీసీటీవీ, యాక్సెస్ కంట్రోల్, నెట్‌వర్క్ కేబులింగ్ టెక్నీషియన్ల రెజ్యూమెలే ఎక్కువగా నా టేబుల్ మీదికి వస్తాయి. మన గ్రూపులో ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. హెల్పర్‌గా వచ్చి, కేబుల్ లాగుతూ లాగుతూ టెక్నీషియన్ అయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఈమధ్య నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, నాకు సీసీఎన్ఏ ఉంది కదా, రెజ్యూమెలో రాశాను కదా, అయినా ఎందుకు పిలవట్లేదు?" కొందరిది ఇంకా ఘోరం. పిలుస్తారు, ఇంటర్వ్యూ అయిపోతుంది, పాస్‌పోర్ట్ కాపీ కూడా అడుగుతారు, ఆ తర్వాత ఇక ఫోన్ రాదు.

ఇందులో చాలాసార్లు అడ్డుపడేది సర్టిఫికెట్ లేకపోవడం కాదు. ఆ సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ, దాని వెనక ఉన్న వెర్షన్. ఇవి రెండూ వేరు వేరు సంగతులు. మనవాళ్లు రెండూ ఒకటే అనుకుని కలిపేస్తారు. ఇవాళ ఆ తేడా ఒక్కటే చెబుతాను, సీసీఎన్ఏని పట్టుకుని. ఎందుకంటే మన పనిలో ఎక్కువగా అడిగేది అదే.

మొదట, ఇది డిగ్రీ లాంటిది కాదు. డిగ్రీ ఒకసారి వస్తే చచ్చేదాకా మనదే. సీసీఎన్ఏ అనేది సిస్కో కంపెనీ, అంటే రౌటర్లు, స్విచ్‌లు అమ్మే కంపెనీయే, పరీక్ష పెట్టి ఇచ్చే కాగితం. దానికి మూడేళ్ల గడువు. మన ఎమిరేట్స్ ఐడీ లాగా, అఖామా లాగా అనుకోండి. చేతిలో కార్డు ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని మీద తేదీ దాటకుండా ఉండాలి. పైగా అఖామాకి ఆలస్యమైతే జరిమానా కట్టి రెన్యూ చేసుకోవచ్చు. సీసీఎన్ఏకి ఆ సౌకర్యం లేదు. గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి పరీక్ష రాయాల్సిందే.

రెజ్యూమె మా దగ్గరికి వచ్చాక మూడు చోట్ల వడపోత జరుగుతుంది. మీరు ఎక్కడ ఆగిపోయారో తెలియాలంటే ఇది తెలియాలి.

మొదటి చోటు కంప్యూటర్. వందల రెజ్యూమెల్లో "CCNA" అని కొట్టి వెతుకుతాం. ఆ నాలుగు అక్షరాలు ఎక్కడ ఉన్నా సరే, మీ రెజ్యూమె పైకి వస్తుంది. ఆ వెతుకులాటకి సర్టిఫికెట్ బతికి ఉందా, చచ్చిపోయిందా తెలియదు. అందుకే గడువు అయిపోయినవాళ్లకీ ఫోన్ వస్తుంది. వాళ్లు "నా సర్టిఫికెట్ బాగానే పనిచేస్తోంది" అనుకుంటారు. కొన్ని ఆన్‌లైన్ ఫారాల్లో మాత్రం నేరుగా ప్రశ్న ఉంటుంది: ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న సీసీఎన్ఏ ఉందా, ఉంటే గడువు ఎప్పటిదాకా అని. అక్కడ 'లేదు' అని నొక్కితే, ఆ ఉద్యోగానికి అది తప్పనిసరి అయితే, అక్కడికక్కడే పక్కకి పోతుంది.

రెండో చోటు మనిషి. అంటే నాలాంటివాడు. ఎక్సెల్ షీటు తెరిచి, ఒక్కొక్కరికీ గడులు నింపుతాం. అనుభవం ఎన్నేళ్లు, లైసెన్స్ ఉందా, వీసా ఏంటి, సర్టిఫికెట్ ఏంటి. సర్టిఫికెట్ గడిలో మా షీటులో పది మార్కులు. ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది కాబట్టి అంకెలు పట్టుకోకండి, వరస చూడండి. గడువులో ఉంటే పూర్తి మార్కులు. ఈమధ్యనే గడువు అయిపోయి ఆ సంగతి రాసి ఉంటే మూడో నాలుగో. ఎప్పుడో అయిపోయి ఉంటే ఈ గడిలో ఏమీ రాదు, కానీ 'చదువుకున్నాడు, సంగతి తెలుసు' అని అనుభవం గడిలో ఒక మాట పడుతుంది. తేదీయే రాయకపోతే? సున్నా. అడిగి తెలుసుకునేదాకా సున్నా. పని ఎక్కువగా ఉన్న రోజు అడగడం కూడా జరగదు, తరవాతి రెజ్యూమెకి వెళ్లిపోతాం. గడువు అయిపోయిందని నిజం రాసినవాడికి రెండు మార్కులు దక్కుతాయి, తేదీ దాచినవాడికి అవీ దక్కవు. మనవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది కానీ అసలు జరిగేది ఇదే.

మూడో చోటు క్లయింట్. అంటే మనం పనిచేయాల్సిన సైటు తాలూకు కంపెనీ లేదా కన్సల్టెంటు. వాళ్ల కాంట్రాక్టులో 'చెల్లుబాటులో ఉన్న సీసీఎన్ఏ గల టెక్నీషియన్ ఇద్దరు' అని రాసి ఉంటుంది. మేము కాపీలు పంపాలి. వాళ్లు ఆన్‌లైన్‌లో సరిచూస్తారు. సిస్కో సర్టిఫికెట్ మీద సరిచూసుకునే నంబరు ఉంటుంది. ఆన్‌లైన్ బ్యాడ్జి లింకు ఇస్తే ఇంకా తేలిక, దాని మీద ఇచ్చిన తేదీ, గడువు తేదీ రెండూ కనిపిస్తాయి. రెండు నిమిషాల పని. ఇక్కడ గడువు అయిపోయిందని తేలితే పోయేది మార్కులు కాదు. మా కంపెనీ మాట పోతుంది. అందుకే ఆ రెజ్యూమె పక్కన ఒక గుర్తు పడుతుంది. మళ్లీ ఆ మనిషి పేరు పైకి పంపడానికి ఎవరికీ ధైర్యం ఉండదు. ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ రాలేదు అన్నారే, అందులో కొన్ని ఇవే.

ఇప్పుడు ఒక తమ్ముడి సంగతి చెబుతాను. పేరు వద్దు. జగిత్యాల వైపు మనిషి, సీసీటీవీ టెక్నీషియన్‌గా ఎనిమిదేళ్ల అనుభవం, చేతిలో పని ఉంది. నెట్‌వర్క్ టెక్నీషియన్ ఉద్యోగానికి పంపాడు. అతని రెజ్యూమెలో ఉన్నది ఇంతే:

```
Certifications: CCNA, MCSA
```

తేదీ లేదు, వెర్షన్ లేదు. కూర్చోబెట్టి అడిగితే బయటికి వచ్చింది. 2016 జూన్‌లో హైదరాబాద్‌లో రాశాడు. పరీక్ష నంబరు 200-120. దాని అసలు పేరు సీసీఎన్ఏ రౌటింగ్ అండ్ స్విచ్చింగ్. మూడేళ్లు లెక్కేస్తే 2019 జూన్‌లో అయిపోయింది. రెన్యూ చేయలేదు. చేయాలని తెలియదు కూడా. ఎందుకంటే అకౌంటు తెరిచింది ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు, వాళ్ల ఈమెయిల్‌తోనే. గుర్తు చేసే మెయిల్స్ ఏవైనా వస్తే అక్కడికే పోయి ఉంటాయి. అమీర్‌పేటలో చదివి రాసినవాళ్లలో ఈ ఇబ్బంది ఇంకొందరికి కూడా చూశాను. మీది ఎవరి మెయిల్ మీద ఉందో ఇవాళే చూసుకోండి. మీది కాకపోతే గుర్తింపు కాగితాలతో సిస్కో సపోర్టుకి రాసి మార్పించుకోవాలి. పాస్‌పోర్ట్‌లో పేరు, సర్టిఫికెట్‌లో పేరు వేరుగా ఉంటే అదీ అప్పుడే అడగండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం. మన తెలుగువాళ్లకి ఇది ఎక్కడికెళ్లినా తప్పని తంటా.

సరే, వెర్షన్ సంగతికి వద్దాం. సిస్కో ఈ పరీక్షని అప్పుడప్పుడు మారుస్తుంది. మా తమ్ముడు రాసిన 200-120 ని 2016 ఆగస్టులో ఆపేశారు. దాని స్థానంలో 200-125 వచ్చింది. 2020 ఫిబ్రవరి 24 నుంచి 200-301 వచ్చింది. ఆ రోజుతోనే 'రౌటింగ్ అండ్ స్విచ్చింగ్' అనే తోక పోయి, ఒట్టి సీసీఎన్ఏ అయింది. ఆ రోజుకి పాత సర్టిఫికెట్ గడువులో ఉన్నవాళ్లకి సిస్కోయే కొత్త పేరుకి మార్చి ఇచ్చింది. అప్పటికే గడువు అయిపోయినవాళ్లకి ఇవ్వలేదు. మా తమ్ముడిది ఎనిమిది నెలల ముందే అయిపోయింది కదా, అతనికి రాలేదు.

ఇందులో మాలాంటివాళ్లు చూసే ఒక గుర్తు ఉంది. ఇప్పటి రెజ్యూమెలో ఎవరైనా "CCNA Routing & Switching" అని రాసి, పక్కన తేదీ లేకపోతే, 2020 తర్వాత దాన్ని ముట్టుకోలేదని అర్థం చేసుకుంటాం. బతికి ఉన్నవాటికి ఆ పేరు లేదు కాబట్టి. కొందరు పాపం నిజంగానే రెన్యూ చేసుకుంటూ వచ్చి ఉంటారు, కానీ రెజ్యూమెలో పాత పేరు, పాత సంవత్సరం అలాగే వదిలేస్తారు. "CCNA 2016" అని ఉంటే నేను మనసులో మూడు కలిపి 2019 అంటాను, పక్కన పెడతాను. మీరు 2018లో రెన్యూ చేశారో, 2021లో చేశారో నాకెలా తెలుస్తుంది? మొదట ఎప్పుడు వచ్చింది అన్నదాని కంటే ఎప్పటిదాకా ఉంది అన్నది ముందు రాయాలి.

మరి పాత వెర్షన్ అయితే విలువ పోయినట్టేనా? కాదు. ఇక్కడే తేడా. మన గ్రూపులోనే ఒక చెల్లెలు ఉంది, హెల్ప్‌డెస్క్‌లో చేస్తుంది. 2024 జనవరిలో 200-301 పాస్ అయింది. అదే ఏడాది ఆగస్టు 20 నుంచి సిస్కో ఆ పరీక్షనే 1.1 వెర్షన్‌కి మార్చింది. "అన్నా, నాది 1.0, పాతబడిపోయిందా, మళ్లీ రాయాలా" అని కంగారుపడింది. అవసరమే లేదు. ఆమెది 2027 జనవరి దాకా నిక్షేపంగా ఉంటుంది. పరీక్ష వెర్షన్ మారితే, రాయబోయేవాళ్లు చదివే పాఠం మారుతుంది, రాసేసినవాళ్ల గడువు మారదు. 1.0 కీ 1.1 కీ పాఠంలో తేడా కూడా కొంచెమే. ఆటోమేషన్‌లో పప్పెట్, షెఫ్ తీసేసి టెరాఫామ్ పెట్టారు, ఇంకొన్ని చిన్న చేర్పులు. ఏ స్క్రీనింగ్‌లోనూ దీనికి మార్కు తగ్గించడం నేను చూడలేదు.

కానీ 200-120 కీ 200-301 కీ తేడా చిన్నది కాదు. పాతదాంట్లో ఫ్రేమ్ రిలే ఉండేది. ఇప్పుడది ఎక్కడా కనబడదు. కొత్తదాంట్లో వైర్‌లెస్, ఆటోమేషన్ చేరాయి. సైటులో వైఫై యాక్సెస్ పాయింట్లు రెండొందలు బిగించాలి అంటే, 200-120 చదివిన మనిషికి ఆ పాఠం లేదని మాకు తెలుసు. అనుభవంలో నేర్చుకుని ఉంటాడు, నిజమే, అయితే అది అనుభవం గడిలో రాసి చూపించాలి. తేదీ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, లోపలికి రానిస్తుంది లేదా రానివ్వదు. వెర్షన్ లోపలికి వచ్చాక ఎంత పని వచ్చో చెబుతుంది.

అతని రెండో సర్టిఫికెట్ ఎంసీఎస్ఏ. ఇది మైక్రోసాఫ్ట్‌ది, కథ వేరు. ఇతనిది విండోస్ సర్వర్ 2012 మీద, 2015లో తీసుకున్నాడు. దీనికి గడువు తేదీ లేదు. కానీ మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31న ఎంసీఎస్ఏ పరీక్షలే మొత్తం ఆపేసింది. మనిషి రిటైర్ అయినట్టు ఆ సర్టిఫికెట్ రిటైర్ అయింది. దీన్ని 'ఎక్స్‌పైర్ అయింది' అని రాయకూడదు, అది అబద్ధం, మీకే నష్టం. అలాగని దాని బలం అప్పటిలాగే ఉందనీ అనుకోకూడదు. పేరులోనే 2012 ఉంది కదా. ఆ సర్వర్‌కి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సపోర్టు కూడా 2023 అక్టోబరులో ఆగిపోయింది. కొత్త ప్రాజెక్టుకి దీనికి దాదాపు ఏమీ రాదు. అదే పాత బిల్డింగ్ మెయింటెనెన్స్ అయితే, అక్కడ ఇంకా పాత సర్వర్ మీదే కెమెరా రికార్డింగ్ నడుస్తుంటే, ఇదే సర్టిఫికెట్‌కి మంచి మార్కులు పడతాయి. వెర్షన్‌కి మార్కు సర్టిఫికెట్‌ని బట్టి కాదు, సైటులో ఉన్న సామానుని బట్టి. ఉద్యోగ ప్రకటనలో సామాను పేరు ఉంటే ఒకసారి దానితో పోల్చుకోండి.

మైక్రోసాఫ్ట్ ఇప్పుడిచ్చే అసోసియేట్ స్థాయి సర్టిఫికెట్లకి ఏడాదే గడువు. భయపడకండి, గడువుకి ముందు ఆరు నెలల్లో ఎప్పుడైనా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. కొత్త ఏడాది పాత గడువు చివర నుంచే మొదలవుతుంది. ముందే చేస్తే రోజులు పోవు. వాళ్ల ఫండమెంటల్స్ సర్టిఫికెట్లకి అసలు గడువే ఉండదు. అందుకే "మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ ఉంది" అని ఒక్క మాట రాస్తే మాకేమీ అర్థం కాదు.

తమ్ముడి రెజ్యూమెని మేమిద్దరం ఇలా తిరగరాశాం:

```
CCNA Routing & Switching (200-120): passed Jun 2016, expired Jun 2019
MCSA: Windows Server 2012: earned 2015, no expiry, retired by Microsoft 2021
CCNA (200-301): preparing, exam booked
```

మూడో వరస రాయడానికి ముందు పరీక్ష నిజంగానే బుక్ చేశాడు. ఒట్టి 'ప్రిపేరింగ్' అనే మాటకి ఎవరూ విలువ ఇవ్వరు. తేదీ చెప్పగలిగితేనే ఇస్తారు. ఫీజు మూడొందల డాలర్లు, అంటే పదకొండొందల దిర్హమ్‌లు, పైన పన్ను. చిన్న డబ్బు కాదు. ఫెయిలైతే మళ్లీ అంతా కట్టాలి, అయిదు రోజులు ఆగి మళ్లీ రాయాలి. అతను నెట్‌వర్క్ ఉద్యోగం ఫారంలో 'చెల్లుబాటులో ఉందా' అన్నదానికి 'లేదు' అనే నొక్కాడు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ అదే రెజ్యూమె సీసీటీవీ సీనియర్ టెక్నీషియన్ ఖాళీకి పనికొచ్చింది. అక్కడ సీసీఎన్ఏ తప్పనిసరి కాదు, ఉంటే మంచిది అని ఉంది. నెట్‌వర్క్ తెలిసిన సీసీటీవీ మనిషిగా లెక్కలోకి వచ్చాడు.

అందరూ పదకొండొందలు పోసి రాయాలా అని అడుగుతారు. నా మాట అడిగితే, ప్రకటనల్లో "valid" లేదా "active" అనే మాట ఉన్న ఉద్యోగాలకే మీరు వెళ్లాలనుకుంటే రాయండి. కేబులింగ్, కెమెరా బిగింపు పనులకే వెళ్తుంటే పాత సర్టిఫికెట్‌ని తేదీతో నిజాయితీగా రాయండి, చాలు. ఆ డబ్బుతో ఇంటికి వెళ్లినప్పుడు పిల్లలకి ఏమైనా కొనుక్కుపోవచ్చు.

గడువు ఇంకా ఉన్నవాళ్లకి ఒక సంగతి. సర్టిఫికెట్ ఆరు వారాల్లో అయిపోతుంటే, ఇవాళ రెజ్యూమె పంపితే, ఇవాళ అది చెల్లుతుంది. కానీ ఎంపిక, వీసా మార్పు, మెడికల్, సైటు పాసు అన్నీ అయ్యేసరికి రెండు నెలలు పట్టొచ్చు. మీరు సైటులో అడుగుపెట్టే రోజుకి అది చచ్చిపోయి ఉంటుంది. మేము ఆ లెక్క ముందే వేసి, దాన్ని సగం అయిపోయినట్టే చూస్తాం. సీసీఎన్ఏ గడువులో ఉండగానే పరీక్ష రాయకుండా రెన్యూ చేసే దారి కూడా ఉంది. మూడేళ్లలో సిస్కో గుర్తించిన కోర్సులు చేసి ముప్పై క్రెడిట్లు తెచ్చుకోవాలి. కొన్నిసార్లు సిస్కో ఉచిత కోర్సులు కూడా పెడుతుంది. ఈ దారి గడువు లోపలే. ఒక్కరోజు దాటినా మూసుకుపోతుంది. కాబట్టి గడువు తేదీకి ఆరు నెలల ముందు ఫోనులో అలారం పెట్టుకోండి, వీసాకి పెట్టుకున్నట్టే.

చివరగా ఒక హెచ్చరిక. కొందరు ఏజెంట్లు వాట్సాప్‌లో తిరుగుతున్నారు. "అన్నా, తేదీ మార్చి పీడీఎఫ్ ఇస్తాం", "నీ బదులు మావాడు పరీక్ష రాస్తాడు" అంటారు. తేదీ మార్చిన కాగితం మూడో చోట రెండు నిమిషాల్లో దొరికిపోతుంది, పైగా ఈ దేశాల్లో కాగితం దిద్దడం పోలీసు కేసు. ఇంకొకరితో రాయిస్తే సిస్కో ఆ ఫలితమే రద్దు చేసి, ఇక ముందు పరీక్ష రాయకుండా కూడా ఆపగలదు. అలాంటి మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి మన గ్రూపు అడ్మిన్‌కి పంపండి.

వచ్చే శుక్రవారం అసర్ నమాజ్ తర్వాత నేను ఇక్కడే కూర్చుంటాను. సర్టిఫికెట్ కాపీ, మీ అకౌంటు ఈమెయిల్, పాస్‌పోర్ట్ మొదటి పేజీ ఫోటో తెచ్చుకోండి. ఒక్కొక్కరిదీ తేదీ చూసి, ఆ రెజ్యూమె వరస అక్కడే రాసుకుందాం.